తెల్ల పెంకు లోడు ఒకటి వెనక్కి ఎందుకు వెళ్ళింది: సీసాల్లో రంగు, కిటికీ అద్దం, పింగాణీ

సీసాలు తయారుచేసే ఫ్యాక్టరీకి వచ్చిన పది టన్నుల లారీ. చీటీ మీద 'తెల్ల పెంకు' అని ఉంది, అంటే రంగులేని సీసాల ముక్కలు. పైనుంచి చూస్తే సరుకు బాగానే కనిపిస్తుంది. నాలుగు మూలల నుంచీ మధ్య నుంచీ కొంచెం కొంచెం తీసి, మొత్తం వంద కిలోలు బల్ల మీద పరిచి చేత్తో ఏరితే ఇవి బయటపడ్డాయి: ఆకుపచ్చ సీసా ముక్కలు 1.2 కిలోలు, కాఫీరంగు ముక్కలు 2.5 కిలోలు, చదును అద్దం ముక్కలు 6 కిలోలు, పింగాణీ ముక్కలు రెండు. ఆ రెండూ కలిపి 14 గ్రాములు. ఇవి కాక కొన్ని అల్యూమినియం మూత రింగులు.

ఇవి ఏదో ఒక ఫ్యాక్టరీ రికార్డు నుంచి తీసిన అంకెలు కావు, లెక్క తేలిగ్గా సాగడానికి పెట్టుకున్న నమూనా లోడు. కానీ బార్లు, హోటళ్ళు, రిపేరు జరుగుతున్న అపార్ట్‌మెంట్లు ఉన్న ప్రాంతం నుంచి వచ్చే తెల్ల పెంకు అచ్చం ఇలాంటి కలగాపులగంతోనే ఉంటుంది. బరువులో అన్నిటికంటే ఎక్కువ చదును అద్దం, అన్నిటికంటే తక్కువ పింగాణీ. లోడును వెనక్కి పంపే కారణాల వరుస మాత్రం దీనికి తలకిందులు: మొదటిది పింగాణీ, ఆ తర్వాత రంగు, చివర చదును అద్దం.

ఎందుకంటే ఈ మూడూ ఫర్నేస్‌లో మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. రంగు గాజు పూర్తిగా కరిగి కలిసిపోతుంది, ఇక విడదీయలేం. కిటికీ అద్దం కూడా కరుగుతుంది, కానీ గాజు పాకం తీరు మార్చేస్తుంది. పింగాణీ అసలు కరగదు.

అసలు పెంకు ఎందుకు కావాలి

సీసా గాజులో సుమారు 72 శాతం సిలికా, 13 శాతం సోడియం ఆక్సైడ్, 10-11 శాతం కాల్షియం ఆక్సైడ్ ఉంటాయి. ఒకటిన్నర, రెండు శాతం అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, మిగతా చిల్లర. కొత్తగా తయారు చేయాలంటే ఇసుక, సోడా యాష్, సున్నపురాయి కలిపి 1500 డిగ్రీల సెల్సియస్ పైన కరిగించాలి. పెంకు ఒకసారి కరిగి గాజైన సరుకే కాబట్టి మళ్ళీ కరగడానికి తక్కువ వేడి చాలు. మిశ్రమంలో ప్రతి పది శాతం పెంకుకు ఇంధనం సుమారు రెండున్నర నుంచి మూడు శాతం తగ్గుతుంది. సోడా యాష్ నుంచి, సున్నపురాయి నుంచి పోయే కార్బన్ డయాక్సైడ్ నష్టం లేనందువల్ల టన్ను పెంకు దాదాపు 1.2 టన్నుల ముడిసరుకుకు సమానం. కాబట్టి ఫ్యాక్టరీ పెంకు వద్దనదు. వద్దనేది అందులో ఏముందో తెలియని పెంకును.

మన నమూనాలో ఫర్నేస్ రోజుకు వంద టన్నుల తెల్ల గాజు కరిగిస్తుంది, అందులో నలభై టన్నులు పెంకు అనుకుందాం. ఈ పది టన్నుల లోడు పావు రోజుకు సరిపోతుంది.

పద్నాలుగు గ్రాముల పింగాణీ

వంద కిలోల్లో 14 గ్రాములంటే టన్నుకు 140 గ్రాములు, లోడు మొత్తంలో 1.4 కిలోలు. హోటల్లో వాడే పెద్ద ప్లేట్లు రెండు మూడు, లేదా ఒక చిన్న ఊరగాయ జాడీ. పది టన్నుల్లో ఇదొక లెక్కా అనిపించడం సహజమే. యూరోపియన్ యూనియన్‌లో గాజు పెంకు ఎప్పుడు వ్యర్థం కాకుండా సరుకు అవుతుందో చెప్పే 2012 నాటి 1179వ నంబరు నిబంధన ఉంది. ఒక మిల్లీమీటరు కంటే పెద్ద పెంకులో లోహమూ గాజూ కాని ఖనిజ పదార్థం, అంటే పింగాణీ, రాయి, టైల్, కాంక్రీటు లాంటివి, టన్నుకు వంద గ్రాములకు లోపే ఉండాలని అది అంటుంది. కొనే ఫ్యాక్టరీలు తమ ఒప్పందాల్లో ఇంకా బిగించి టన్నుకు ఇరవై, పాతిక గ్రాములని రాసుకోవడం మామూలే. ఇరవై గ్రాముల లెక్కన మన లోడు హద్దుకు ఏడింతలు ఉంది.

ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే ప్లేటు ముక్క వెంట ఫర్నేస్‌లోకి వెళ్ళాలి. పింగాణీలో అల్యూమినా ఎక్కువ. కాల్చినప్పుడే అందులో ముల్లైట్ అనే స్ఫటికాలు ఏర్పడి ఉంటాయి. వాటి ద్రవీభవన స్థానం 1800 డిగ్రీల పైన. గాజు ఫర్నేస్ అంత వేడికి వెళ్ళదు. కాబట్టి ముక్క కరగదు, చక్కెర బిళ్ళ చల్లటి నీళ్ళలో అరిగినట్టు చుట్టూ ఉన్న పాకంలో అంచుల నుంచి మెల్లగా అరుగుతుంది. గాజు ఫర్నేస్‌లో ఉండేది సుమారుగా ఒక రోజు. మిల్లీమీటరు లోపు పొడి ఆ సమయంలో చాలావరకు అరిగిపోతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క మాత్రం అంచులు గుండ్రబడి, లోపలి గింజ అలాగే మిగిలి, సీసాలోకి వస్తుంది. యూరప్ నిబంధన మిల్లీమీటరు లోపు నలుసుకు టన్నుకు 1500 గ్రాముల దాకా ఒప్పుకోవడానికి కారణం ఇదే.

మిగిలిన ఆ గింజను గాజు పనివాళ్ళు 'రాయి' అంటారు. అది చూడ్డానికి బాగుండదన్నది చిన్న సంగతి. అసలు గొడవ సీసా చల్లారేటప్పుడు మొదలవుతుంది. దాదాపు 550 డిగ్రీల దగ్గర సీసా గాజు గట్టిపడుతుంది. అక్కడి నుంచి గది ఉష్ణోగ్రతకు దిగేలోపు మీటరు పొడవు గాజు 4.7 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది, ఎందుకంటే డిగ్రీకి దాని సంకోచం పదిలక్షల్లో తొమ్మిది వంతులు. పింగాణీది అందులో సగానికి కాస్త ఎక్కువ. గాజు బిగుసుకుంటుంటే లోపలి రాయి తగ్గనంటుంది. రాయి చుట్టూ ఉన్న గాజు సాగదీసినట్టు లాగుడులో ఉండిపోతుంది. నొక్కుడుకు గాజు ఎంతైనా ఓరుస్తుంది, లాగుడుకు ఓర్చదు. ఒక్కోసారి రాయి నుంచి చక్రం ఆకుల్లా సన్నటి పగుళ్ళు అప్పుడే బయల్దేరతాయి. లేకపోతే ఇంకా ప్రమాదం: సీసా తనిఖీ దాటిపోయి, బీరో సోడానో నింపి మూత బిగించాక లోపలి గ్యాసు ఒత్తిడికి, లేదా క్రేటులో చిన్న తాకిడికి పగులుతుంది.

సంఖ్య చూస్తే మరీ స్పష్టం. మూడు మిల్లీమీటర్ల ఘనం లాంటి పింగాణీ ముక్క 0.065 గ్రాములు తూగుతుంది. అర కిలో ప్లేటు క్రషర్‌లో ఆ సైజుకు విరిగితే 7,700 ముక్కలు. అన్నీ మిగలవు, పదింట ఒకటి మిగిలినా ఏడు వందల డెబ్బై సీసాలు పోతాయి. ఒక్క ప్లేటు నుంచి. అందుకే పెంకు వ్యాపారంలో పింగాణీ బరువుకు కాదు, ముక్కల సంఖ్యకు భయపడతారు.

రాయి దొరికిన ప్రతిసారీ నేరం పెంకుదే కాదన్న సంగతి కూడా చెప్పాలి. ఫర్నేస్ గోడల ఇటుకలు అరిగి రాలినా రాళ్ళొస్తాయి, ఇసుక సరిగా కరగకపోయినా వస్తాయి. తేడా మైక్రోస్కోపులో తెలుస్తుంది. గాజులో మునిగే ఫర్నేస్ గోడలకు ఎక్కువగా వాడేది అల్యూమినా-జిర్కోనియా-సిలికా ఇటుక, కాబట్టి దాని రాయిలో జిర్కోనియా స్ఫటికాలు కనిపిస్తాయి. కరగని ఇసుకైతే సిలికా రూపాలే, క్రిస్టోబలైట్ లాంటివి. ముల్లైటో, అల్యూమినా స్ఫటికమైన కొరండమో కనిపించి, జిర్కోనియా లేకుండా, చుట్టూ అల్యూమినా ఎక్కువైన చిక్కటి గాజు చారలు ఉంటే పింగాణీ మీదే అనుమానం. రాయి చుట్టూ ఉన్న లాగుడును పోలరైజ్డ్ వెలుగులో చూస్తే రంగుల వలయాల్లా కనిపిస్తుంది. ఈ పరీక్ష చేయకుండా పెంకు అమ్మినవాడి మీద పడటం అన్యాయం. చేయకుండా వాణ్ణి వదిలేయడం ఫ్యాక్టరీకి నష్టం.

గాజులా కనిపించే పింగాణీ

ఇరానీ చాయ్ కప్పు, సాసరు, టైల్, వాష్‌బేసిన్ ముక్క తెల్లగా, వెలుతురు దూరకుండా ఉంటాయి. ఏరేవాళ్ళ కళ్ళకీ, వెలుతురు పంపి చూసే యంత్రానికీ దొరుకుతాయి. దొరకనివి వేరే ఉన్నాయి.

ఓవెన్‌లో పెట్టే గాజు గిన్నెలు, ల్యాబు బీకర్లు, ఇంజెక్షన్ మందుల వయల్స్, ఆంప్యూల్స్ చాలావరకు బోరోసిలికేట్ గాజు. ల్యాబు రకంలో సిలికా 80 శాతం, బోరాన్ ఆక్సైడ్ 13 శాతం దాకా ఉంటాయి. పాకం చిక్కదనం ఎక్కువ, సంకోచం పదిలక్షల్లో 3.3 వంతులే. సీసా ఫర్నేస్‌లో ఇది మెత్తబడినా సరిగా కలవదు, ముద్దల్లా, చారల్లా మిగులుతుంది. గాజు-సిరామిక్ స్టవ్ పలకలు, పారదర్శకంగా ఉండే కొన్ని వంట పాత్రలు ఇంకా ఘోరం. అవి లిథియం-అల్యూమినా-సిలికా స్ఫటికాలు, సంకోచం దాదాపు సున్నా. చూడ్డానికి మామూలు గాజే. వెలుతురు వాటి గుండా దూసుకుపోతుంది కాబట్టి మామూలు కెమెరా యంత్రం సీసా ముక్కగానే లెక్కేస్తుంది. ఎక్స్-రే ఫ్లోరోసెన్స్‌తో వాటిలోని జిర్కోనియం లాంటి మూలకాలను పట్టే యంత్రాలు ఈ అవసరం నుంచే వచ్చాయి.

యంత్రం లేని యార్డులో బోరోసిలికేట్‌ను పట్టడానికి వంటింటి పరీక్ష ఒకటి ఉంది. దాని వక్రీభవన గుణకం 1.47, సీసా గాజుది 1.52. పల్లీ నూనెది, గ్లిజరిన్‌ది 1.47 దగ్గరే. గాజు గిన్నెలో నూనె పోసి అనుమానం ఉన్న ముక్కను ముంచితే, బోరోసిలికేట్ అయితే అంచులు మాయమై ముక్క దాదాపు కనిపించకుండా పోతుంది. సీసా ముక్కైతే నూనెలోనూ స్పష్టంగా కనిపిస్తుంది. లోడంతా ఇలా చూడలేం, నిజమే. ఒక బస్తాలో వచ్చిన గిన్నెలు ఏ రకమో తేల్చడానికి మాత్రం నిమిషం పని.

ఫార్మా కంపెనీలు ఎక్కువగా ఉన్న హైదరాబాద్ చుట్టుపక్కల ఈ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. మందుల సీసాలన్నీ ఒకటి కావు. సిరప్ సీసా మామూలు సోడా-సున్నం గాజు, పెంకులోకి రావచ్చు. ఇంజెక్షన్ వయల్ బోరోసిలికేట్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆసుపత్రిలో వాడిన గాజు సంగతి వేరు, 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం అది నీలి గుర్తు డబ్బాలోకి పోవాలి. పాత సామాన్ల బండిలోకి రానే కూడదు.

రంగు: తీసేయలేని మచ్చ

సీసా రంగు పై పూత కాదు, గాజులోనే ఉంటుంది. ఆకుపచ్చకు క్రోమియం ఆక్సైడ్ వేస్తారు, సుమారు 0.2 శాతం. కాఫీరంగు వచ్చే దారి వేరు: ఇనుమూ సల్ఫైడూ కలిసి ఆ రంగునిస్తాయి. ఫర్నేస్‌లో ఆక్సిజన్ కొరత ఉంటేనే సల్ఫైడ్ నిలుస్తుంది కాబట్టి మిశ్రమంలో బొగ్గుపొడి కూడా వేస్తారు. తెల్ల గాజు దీనికి పూర్తిగా ఎదురు. అందులో ఇనుము వీలైనంత తక్కువ ఉండాలి, గాజు ఆక్సీకరణ స్థితిలో ఉండాలి, బుడగలు పోగొట్టడానికి సల్ఫేట్ వేస్తారు.

మన లోడులో ఆకుపచ్చ 1.2 శాతం. టన్ను పెంకులో 12 కిలోల ఆకుపచ్చ ముక్కలు, వాటిలో 24 గ్రాముల క్రోమియం ఆక్సైడ్. ఫర్నేస్‌కు వెళ్ళే పెంకంతా ఇదే యార్డు నుంచి వస్తోందనుకుంటే, మిశ్రమంలో నలభై శాతం పెంకు కాబట్టి సీసా గాజులో టన్నుకు దాదాపు పది గ్రాములు తేలుతుంది. పదిలక్షల్లో పది వంతులు. క్రోమియం చాలా బలమైన రంగు, తెల్ల సీసా గాజులో దాన్ని పదిలక్షల్లో కొన్ని వంతుల దగ్గరే ఆపాలి. పదికి చేరితే సీసా అడుగు మందంగా ఉన్నచోట పసరు ఛాయ కనిపిస్తుంది. ఏ రసాయనం వేసినా క్రోమియం బయటికి రాదు. సెలీనియం, కోబాల్ట్ చిటికెడు వేసి గులాబీ-నీలం ఛాయతో ఆ పసరును కప్పిపుచ్చవచ్చు. కప్పిన ప్రతిసారీ గాజు కాస్త బూడిద రంగుకు తిరుగుతుంది, మెరుపు తగ్గుతుంది. మద్యం కంపెనీ ఆ సీసాను పక్కన పాత సీసా పెట్టి చూసి వెనక్కి పంపుతుంది.

కాఫీరంగు ముక్కల కథ రంగుతో ఆగదు. తెల్ల గాజు పాకంలో సల్ఫేట్ ఉంది, కాఫీరంగు ముక్కల్లో సల్ఫైడ్ ఉంది. రెండూ కలిసినచోట జరిగేది ఇది:

S²⁻ + 3 SO₄²⁻ → 4 SO₂ + 4 O²⁻

సల్ఫర్ డయాక్సైడ్ గ్యాసు పుట్టి పాకం మీద నురగ కడుతుంది. పైనుంచి మంట కొడుతున్నా నురగ దుప్పటిలా వేడిని ఆపేస్తుంది, కింది గాజు చల్లబడుతుంది, ఇంధనం పెంచాల్సి వస్తుంది. బుడగలు పోగొట్టాల్సిన సల్ఫేట్ ఇక్కడే ఖర్చైపోవడంతో సీసా గోడలో సన్నటి బుడగలు మిగులుతాయి. రంగు వైపు చూస్తే సల్ఫైడ్ ఆక్సీకరణమై కాఫీరంగు మాయమవుతుంది కూడా. అంటే ముక్క కరిగాక రంగు కనిపించదు, ఇనుమూ నురగా మాత్రం మిగులుతాయి. ఆపరేటర్ ముందుగా గమనించేది రంగు మార్పు కాదు, నురగ వరస పొడుగవడం. ఇంకా కష్టం ఏమిటంటే, ఈ రోజు 2.5 శాతం, రేపు 0.5 శాతం, ఎల్లుండి 4 శాతం అన్నట్టు వస్తే సల్ఫేట్ మోతాదు ఏ లెక్కకూ అందదు. స్థిరంగా వచ్చే మకిలిని ఎలాగో సర్దుకోవచ్చు, రోజుకోలా మారేదాన్ని సర్దుకోలేం.

ఎదురు దిశలోనూ అంతే. కాఫీరంగు ఫర్నేస్‌లోకి తెల్ల ముక్కలు పోతే సల్ఫేట్ వచ్చి సల్ఫైడ్‌ను తింటుంది, రంగు పలచబడుతుంది. బీరు కాఫీరంగు సీసాలో ఉండటం అలంకారం కోసం కాదు. వెలుతురు తగిలితే హాప్స్ పదార్థాలు చెడి దుర్వాసన వస్తుంది. పలచబడ్డ రంగు ఆ పని చేయదు. మూడు ఫర్నేస్‌లలో ఎక్కువ ఓర్పు ఆకుపచ్చదే. అందులో ఎలాగూ క్రోమియం ఉంది, తెల్లదీ కాఫీరంగుదీ కొంతవరకు కలుపుకుంటుంది. రంగులు వేరుచేయని పెంకుకు దొరికే ఒకే సీసా దారి అది. మన దగ్గర ఆకుపచ్చ సీసాల గిరాకీ తెల్ల సీసాల గిరాకీ అంత ఉండదు కనుక ఆ దారి ఇరుకు.

ఒక పక్క మాట. మన ఊళ్ళలో బీరు సీసాలు పగలకుండా ఉంటే పెంకుగా మారవు, లెక్కపెట్టి కొని కడిగి మళ్ళీ నింపుతారు. కాబట్టి తెల్ల పెంకులోకి చేరే కాఫీరంగు ఎక్కువగా పగిలిన సీసాలదే, ముక్కలూ చిన్నవి. ఏరడం అంత కష్టం.

కిటికీ అద్దం: నేరం తెలియకపోవడమే

చదును అద్దం మీద చాలామందికి ఉన్న అపోహ, అది వేరే జాతి గాజు అని. కాదు. అదీ సోడా-సున్నం గాజే, 72-73 శాతం సిలికా, 13-14 శాతం సోడియం ఆక్సైడ్. తేడా చిల్లరలో ఉంది. ఫ్లోట్ అనే మామూలు కిటికీ అద్దంలో మెగ్నీషియం ఆక్సైడ్ నాలుగు శాతం దగ్గర, సీసాలో సున్నా నుంచి రెండు. అల్యూమినా సీసాలో కంటే తక్కువ. మామూలు క్లియర్ అద్దంలో ఇనుము ఆక్సైడ్ 0.1 శాతం దగ్గర ఉంటుంది, తెల్ల సీసాలో 0.03-0.05. అందుకే కిటికీ అద్దాన్ని అంచు వైపు నుంచి చూస్తే ఆకుపచ్చగా కనిపిస్తుంది.

సీసా యంత్రం గాజు ముద్దను తీసుకుని, సెకన్ల లెక్కలో ఊది, గట్టిపరిచి, బయటికి తోస్తుంది. ఎంత వేడి దగ్గర ఎంత చిక్కదనం ఉంటుందనే అంచనా మీదే ఆ వేగమంతా నిలబడి ఉంది. మెగ్నీషియం ఆక్సైడ్ పెరిగి కాల్షియం ఆక్సైడ్ తగ్గితే ఆ గట్టిపడే తీరు మారుతుంది, ముద్ద బరువు అటూ ఇటూ అవుతుంది, సీసా గోడ ఒకవైపు పలచన, ఒకవైపు మందం అవుతుంది. పాకం సరిగా కలవకపోతే గోడలో చారలు పడతాయి. మన లోడులోని ఆరు శాతం ఈ మార్పును కొంచెమే తెస్తుంది. ఇనుము లెక్క వేసి చూడండి: సీసా గాజు 0.04, అద్దం 0.1 అయితే కలిపిన పెంకులో 0.0436. ఒక్క ఈ అంకె చూసి ఎవరూ లారీ వెనక్కి పంపరు.

పంపేది ఆ ఆరు శాతంలో ఏముందో తెలియనందుకు. కారు ముందు అద్దమైతే రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది ఫర్నేస్‌లో కార్బన్‌గా మారి, కాఫీరంగు ముక్కలు చేసిన పనే చేస్తుంది. ముఖం చూసే అద్దమైతే వెనక వెండి, రంగు. ఆఫీసు భవనం అద్దమైతే లోహపు పూత. గీతలు కనిపించే తీగ అద్దమైతే లోపల ఇనుప వల. అల్మారా తలుపైతే అంచుకు అల్యూమినియం, సిలికోన్, పుట్టీ. అల్యూమినియం గాజు పాకంలో సిలికాను లాగి సిలికాన్ లోహపు గోళీలుగా మారుస్తుంది, సీసాలో మెరిసే ఆ గోళీ దగ్గరే పగులు మొదలవుతుంది. మూత రింగులతో వచ్చే చిక్కూ ఇదే. నిప్పును తట్టుకునే కొన్ని తలుపుల అద్దం గాజు-సిరామిక్, అంటే పైన చెప్పిన ప్లేటు ముక్క కథే మళ్ళీ.

కాబట్టి 'కిటికీ అద్దం సీసాల్లో వేయకూడదు' అన్న మాటకు అసలు అర్థం ఇది: సీసాలతో కలిపి, చెప్పకుండా వేయకూడదు. అద్దాలు కోసే దుకాణాల్లో మిగిలే శుభ్రమైన చదును ముక్కలు, విడిగా, పరీక్ష చేసి, రోజూ ఒకే మోతాదులో ఇస్తే కొన్ని సీసా ఫర్నేస్‌లు తీసుకుంటాయి. గాజు ఉన్ని తయారుచేసేవాళ్ళూ వాడతారు. రెండో దిశ మాత్రం దాదాపు మూసి ఉంది. సీసా పెంకు అద్దాల ఫ్యాక్టరీకి పోదు. మూడు మీటర్ల పైన వెడల్పున్న పలకలో ఒక్క చిన్న రాయి ఉన్నా ఆ ముక్కంతా పోతుంది. నికెల్ ఉన్న స్టీలు తునక ఒకటి పడితే నికెల్ సల్ఫైడ్ గింజ ఏర్పడి, టఫెన్ చేసిన, అంటే వేడి చేసి గట్టిపరిచిన అద్దపు తలుపు నెలల తర్వాత ఎవరూ తాకకుండా పగలవచ్చు.

పరీక్ష చేస్తే తెలిసిపోదా?

ఈ భాగంలోనే ఎక్కువమంది పొరపాటు పడతారు. మన లోడులో టన్నుకు 140 గ్రాముల పింగాణీ, ముక్క ఏడు గ్రాములనుకుంటే టన్నుకు 20 ముక్కలు. వంద కిలోలు తీస్తే సగటున రెండు దొరకాలి, దొరికాయి. తనిఖీ చేసేవాడు వంద బదులు యాభై కిలోలే తీసి ఉంటే? సగటు ఒకటి. ముక్కలు లోడంతా సమంగా చెదిరి ఉన్నా, ఒక్కటి కూడా దొరకని అవకాశం 37 శాతం. అంటే హద్దుకు ఏడింతలు చెడ్డ లోడు మూడోసారికొకసారి కంటే ఎక్కువగా 'పింగాణీ లేదు' అన్న చీటీతో లోపలికి పోతుంది. వంద కిలోలు తీసినా 13 శాతానికి పైగా తప్పించుకుంటుంది. నిజానికి ప్లేటు ఒకచోట పగులుతుంది, ముక్కలు ఒక్కచోటే ఉంటాయి, అవకాశం ఇంకా పెరుగుతుంది.

రంగుకూ చదును అద్దానికీ ఈ తంటా లేదు, అవి శాతాల్లో ఉన్నాయి కనుక యాభై కిలోలు చాలు. పింగాణీ విషయంలో గేటు దగ్గరి పరీక్ష చెడ్డ లోడును పట్టగలదేమో గానీ, మంచి లోడని హామీ ఇవ్వలేదు. ఆ పని సీసా పగలక ముందే, బస్తా దగ్గరే జరగాలి.

బస్తా దగ్గర

ఈ లోడు ఎక్కడ చెడిందో వెనక్కి వెతికితే మూడు చోట్లు తేలతాయి. హోటల్ వెనక వాకిట్లో ఒకే బస్తా ఉంటుంది, పగిలిన ప్లేటు, సాసరు, ఖాళీ సీసా అన్నీ అందులోకే. అపార్ట్‌మెంట్ రిపేరు నుంచి పాత కిటికీ అద్దాలూ టైల్ ముక్కలూ 'గాజే కదా' అని కలుస్తాయి. మూడోది యార్డే: నేల మట్టి, కంకర. జేసీబీ బకెట్ కుప్పను ఎత్తేటప్పుడు కింద గీరి రాళ్ళనూ తెస్తుంది. గులకరాయి ఫర్నేస్‌కు పింగాణీతో సమానం. కాబట్టి గచ్చు నేల ఖర్చు అనిపించినా, పెంకు యార్డులో అదే మొదటి యంత్రం.

ఏరడంలో ముఖ్యమైన నియమం ఒక్కటే: ముందు ఏరాలి, తర్వాత పగలగొట్టాలి. సీసా పగలకుండా ఉన్నప్పుడు దాని రంగు, జాతి, మూత రింగు ఒక్క చూపులో తెలుస్తాయి, ప్లేటు ప్లేటులాగే కనిపిస్తుంది. నొక్కి తెచ్చే చెత్త లారీలో పోసిన గాజు ఇక ఆ దశను దాటిపోయినట్టే. కెమెరా యంత్రాలు కూడా పది మిల్లీమీటర్ల పైన ముక్కల మీదే బాగా పనిచేస్తాయి. కింద నుంచి వెలుతురు వేసి, వెలుతురు దూరని ముక్కను గాలి ఊదుతో పక్కకు కొడతాయి. లేబుల్ అంటుకున్న మంచి ముక్క కూడా వాటికి పింగాణీయే, పక్కకు పోతుంది. అందుకే లేబుళ్ళు వదలకముందే యంత్రంలో పోస్తే తిరస్కారం కుప్ప నిండా మంచి గాజే కనిపిస్తుంది.

చదును ముక్కను చేత్తో పట్టడం తేలిక. వంపు లేదు, మందం అంతటా ఒకటే, అంచు పసరు. సీసా ముక్కకు ఎంత చిన్నదైనా కొంచెం వంపు ఉంటుంది, అడుగు ముక్కకైతే గరుకు చుక్కలో, పోత అక్షరాలో ఉంటాయి. కారు కిటికీ అద్దం గోధుమ గింజల్లా చిన్న దిమ్మలుగా పగులుతుంది. అలాంటి ముక్కలు కనిపిస్తే ఆ బస్తాను తెరిచి మొత్తం చూడటం మంచిది, కారు షెడ్డు సరుకు ఇంకా ఉండొచ్చు.

ఆ పది టన్నులు ఏమయ్యాయి

వెనక్కి వచ్చిన లోడును పారేయనక్కర లేదు, అయితే మళ్ళీ 'తెల్ల పెంకు' అని అదే ధరకు అమ్మడమూ కుదరదు. మొదట పది మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి. పైన మిగిలింది బెల్టు మీద పలచగా, ఒకే వరుసగా పోయాలి. ఒక మనిషి పింగాణీ, రాయి మాత్రమే తీయాలి, ఇంకొకరు రంగులు, మూడోవారు చదును ముక్కలు. ఒకే మనిషిని ఇవన్నీ ఏరమంటే తప్పకుండా చిన్నదే తప్పిపోతుంది, ఆ చిన్నది పింగాణీయే అయి ఉంటుంది. ఆకుపచ్చ, కాఫీరంగు వాటి వాటి కుప్పల్లోకి పోతాయి. చదును ముక్కలు ఆరు శాతం కాబట్టి లోడంతటికీ దాదాపు ఆరు వందల కిలోలు ఉంటాయి, జల్లెడ కిందికి దిగినవి పోగా మిగిలినవి బెల్టు మీద తేలతాయి. అందులో పూత, తీగ, ప్లాస్టిక్ పొర ఉన్నవి తీసేస్తే మిగిలింది గాజు ఉన్ని వైపు. పింగాణీ కట్టడ శిథిలాల్లోకి.

జల్లెడ కిందికి దిగిన నలుసు లోడులో ఐదో వంతు దాకా ఉందనుకుంటే రెండు టన్నులు. అందులో రంగు ఏరలేం, పింగాణీ ఏరలేం. మిల్లీమీటరు లోపుకు పొడి చేస్తే పింగాణీ ఆకుపచ్చ ఫర్నేస్‌లో అరిగిపోతుంది, కానీ ఆ పొడి గాలిని వెంట తీసుకెళ్ళి బుడగలు పెంచుతుంది గనుక ఫర్నేస్‌వాళ్ళు కొద్ది కొద్దిగానే తీసుకుంటారు, ధర కూడా తెల్ల పెంకు ధర రాదు. ఈ రెండు టన్నులు పగలని సీసాలుగా యార్డుకు చేరి, ఏరక ముందే కుప్పలో తొక్కుడుపడి నలుసైనవే.